కస్టమర్ మెచ్చుకుంటూ పంపిన వీడియోని పెయిడ్ యాడ్‌లో వాడాలనుకుంటున్నా. అనుమతి అడిగే మెయిల్ ఇది, తప్పులు చెప్పండి

గానుగపని (తెనాలి)

అందరికీ నమస్కారం. మాది చిన్న గానుగ. నువ్వుల నూనె, వేరుశనగ నూనె ఆడించి కొరియర్లో పంపుతుంటాం. హనుమకొండలో రిటైరైన టీచరమ్మ గారు ఒకరు రెండేళ్ళుగా మా దగ్గరే తీసుకుంటున్నారు. పోయిన ఆదివారం ఆవిడ వాట్సాప్‌లో 1 నిమిషం 48 సెకన్ల వీడియో పంపారు. వంటింట్లో నిలబడి సీసా మూత తీసి వాసన చూస్తూ, చిన్నప్పుడు వాళ్ళ ఊరి గానుగ దగ్గర తెలగపిండి బెల్లంతో తిన్న సంగతి చెప్పారు. మేం అడగలేదు, ఆవిడే పంపారు. చూసి మా నాన్నగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

దీన్ని ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో డబ్బు కట్టి యాడ్‌గా నడపాలని ఉంది. అనుమతి కోసం ఈ మెయిల్ రాశాను:

"గౌరవనీయులైన మేడమ్ గారికి, మీరు పంపిన అమూల్యమైన వీడియోకు కృతజ్ఞతలు. దీనిని మా ప్రచార కార్యక్రమాలలో, సోషల్ మీడియాతో సహా అన్ని మాధ్యమాలలో, కాలపరిమితి లేకుండా వినియోగించుకొనుటకు మీ అనుమతి కోరుచున్నాము. మూడు రోజులలో సమాధానం రానిచో మీరు సమ్మతించినట్లుగా భావిస్తాము."

ఇది చాలా?

రీల్స్‌మాస్టర్

అన్నా, ఆవిడే స్వయంగా మీ బిజినెస్ నంబర్‌కి పంపారు కదా. అంటే ఒప్పుకున్నట్టే. మెయిల్ అవసరమే లేదు. కావాలంటే కింద "వీడియో సౌజన్యం" అని పేరు వేసేయండి. నేను ముగ్గురు క్లయింట్లకి ఇలాగే చేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

కొత్తకొట్టు_కర్నూలు

నాదీ ఇదే సమస్య. కస్టమర్లు వీడియోలు పంపరు. 200 రూపాయల కూపన్ ఇస్తామంటే పంపుతారంటారా?

గానుగపని (తెనాలి)

@కొత్తకొట్టు_కర్నూలు అన్నా, వీడియో నా దగ్గర ఉంది. దాన్ని యాడ్‌లో పెట్టడానికి ఎలా అడగాలన్నదే నా ప్రశ్న.

పచ్చళ్ళ_పిన్ని (నరసాపురం)

రీల్స్‌మాస్టర్ బాబూ, నేనూ అలాగే అనుకుని దెబ్బతిన్నాను. మా ఆవకాయ తిని ఒకమ్మాయి వీడియో పంపింది. "పేజీలో పెట్టుకోనా అమ్మా?" అంటే "పెట్టుకోండి ఆంటీ" అంది. పెట్టాను. బాగా నడిచింది. మా అబ్బాయి దానికే డబ్బు కట్టి బూస్ట్ చేశాడు. పది రోజులకి ఆ పిల్ల ఏడుస్తూ ఫోన్ చేసింది. వాళ్ళ ఆఫీసులో అందరి ఫోన్లలోనూ ఆ వీడియో వస్తోందట. కింద ఎవరో ఆమె ఒంటి రంగు మీద, యాస మీద కామెంట్లు పెట్టారు. వాళ్ళాయన నాతో మాట్లాడిన తీరు ఇప్పటికీ మర్చిపోలేను. తప్పు నాదే. నేను అడిగింది పేజీ గురించి, చేసింది యాడ్. ఆ అమ్మాయి మళ్ళీ మా దగ్గర కొనలేదు.

యాడ్స్_పదకొండేళ్ళు (హైదరాబాద్)

పిన్ని గారు చెప్పిన దాంట్లోనే అసలు విషయం ఉంది. వీడియో పంపేటప్పుడు టీచరమ్మ గారి మనసులో ఉన్నది మీరూ, మీ నాన్నగారూ. పేజీలో పెడితే మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు చూస్తారు. యాడ్ అయితే ఆవిడ ముఖం, అడగనివాళ్ళ ఫోన్లలోకి మీరు డబ్బిచ్చి పంపుతున్నారు. పైగా మీరు తెలంగాణకి టార్గెట్ పెడితే మొదట చూసేవాళ్ళలో ఆవిడ పాత విద్యార్థులు, వియ్యాలవారు, కాలనీవాళ్ళు ఉంటారు. "యాడ్" అంటే ఇదీ అని ఆవిడ కళ్ళకి కట్టకుండా తీసుకున్న "సరే" తర్వాత నిలబడదు.

మీ మెయిల్లో నన్ను ఇబ్బంది పెట్టినవి రెండు. "మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే" అన్నది తీసేయండి. మెయిల్ చూడనివాళ్ళు ఒప్పుకున్నట్టెలా అవుతుంది? రెండోది "అన్ని మాధ్యమాలలో, కాలపరిమితి లేకుండా". ఎవరైనా కొంచెం ఆలోచిస్తే దీనికి వద్దనే అంటారు. ఆలోచించకుండా సరే అన్నవాళ్ళు, ఏడాది తర్వాత హోర్డింగ్ మీద తమని చూసుకుని బాధపడతారు.

తిరగరాసే ముందు ఒకటి చెప్పండి. ఆ 1:48లో నూనె గురించి కాక ఇంకేం ఉంది? మొత్తం వివరంగా రాయండి.

గానుగపని (తెనాలి)

మళ్ళీ చూశానక్కా. 0:00 నుంచి 0:20 దాకా వెనక టీవీలో సినిమా పాట వినిపిస్తోంది. 0:20 నుంచి 0:45 దాకా వాసన, తెలగపిండి కబురు. 0:50 దగ్గర మనవడు, ఆరేడేళ్ళుంటాయి, పరిగెత్తుకుంటూ వచ్చి సీసా పట్టుకుంటాడు. ముద్దుగా ఉంటుంది. 1:10 దగ్గర "ఈ నూనె వాడినప్పటి నుంచి నాకు షుగర్ తగ్గింది, మోకాళ్ళ నొప్పులు పోయాయి" అంటారు. నాకైతే యాడ్‌కి అదే బలం అనిపించింది. వీడియో తీసింది ఆవిడ కోడలు.

యాడ్స్_పదకొండేళ్ళు (హైదరాబాద్)

మీకు బలంగా అనిపించిందే తీసేయాల్సింది. ఆవిడ నమ్మకంతోనే అన్నారు, అందులో అనుమానం లేదు. కానీ యాడ్‌లో ఆ మాట పెడితే అది ఆవిడ మాట కాదు, మీ మాట అవుతుంది. ఆహార పదార్థం రోగం తగ్గిస్తుందని ప్రకటించకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నియమాలు చెబుతున్నాయి. "నేనన్లేదు, కస్టమర్ అన్నారు" అంటే తప్పించుకోలేరు. షుగర్ ఉన్నవాళ్ళెవరైనా అది చూసి మాత్ర మానేస్తే? ఆవిడ అనుమతిచ్చినా ఆ వాక్యం వాడొద్దు.

టీవీ పాట ఉన్న భాగమూ వద్దు. పాట హక్కులు ఇంకొకరివి, టీచరమ్మ గారు ఇవ్వగలిగినవి కావు. ఆవిడ మాట, పాట ఒకే ఆడియోలో కలిసిపోయాయి కాబట్టి విడదీయడం కష్టం. మనవడు ఉన్నచోటు కూడా కోసేయండి. పిల్లవాడి సంగతి నాయనమ్మ కాదు, తల్లిదండ్రులు చెప్పాలి. ఆ తలనొప్పి మీకు అనవసరం.

మిగిలింది 0:20 నుంచి 0:45. పాతిక సెకన్లు. యాడ్‌కి అంతకన్నా అక్కర్లేదు. ముందు అది కత్తిరించండి. అనుమతి అడిగేటప్పుడు తయారైన ముక్కనే జత చేయండి. అప్పుడు ఆవిడ దేనికి సరే అంటున్నారో కళ్ళతో చూసి చెబుతారు.

వకీలు_నల్లగొండ

ఒక్క మాట కలుపుత. రీల్స్‌మాస్టర్ తమ్మీ, ఫోన్ల ఫైల్ ఉన్నంత మాత్రాన దాన్ని వాడే హక్కు రాదు. వీడియోకి కాపీరైట్ ఉంటది. ఎవరు పూనుకొని తీయించిన్రో వాళ్ళదని వాదన నడుస్తది, అది అత్తగారా, కోడలా అన్నది మనం ఇక్కడ తేల్చలేం. అందుకే ఇద్దరితోని సరే అనిపించుకోవాలె. కోడలు ఒక్క లైన్ రాస్తే చాలు.

గడువు సంగతి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ల, హక్కు రాసిచ్చిన కాగితంల ఎన్నేండ్లో లేకపోతే ఐదేండ్లని, ఎక్కడో లేకపోతే ఇండియా వరకేనని ఉన్నది. లైసెన్సుకు సుత అది వర్తిస్తది. అమెరికాల ఉన్న మనోళ్ళకి యాడ్ చూపిద్దామనుకుంటే ఆ మాట స్పష్టంగ రాయాలె. న్యూయార్క్‌లనైతే బతికున్న మనిషి ఫొటోగానీ గొంతుగానీ వ్యాపారానికి వాడాల్నంటే రాతపూర్వక ఒప్పుకోలు కావాలని అక్కడి చట్టమే ఉన్నది.

2023 డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి ఒక నిర్దిష్టమైన పనికే ఇచ్చినట్టు. ఇచ్చుడు ఎంత సులువో వెనక్కి తీసుకునుడు సుత అంత సులువుండాలె. దాని నియమాలు అంచెలంచెలుగ అమల్లోకి వస్తున్నయి. ఇప్పటి నుంచే ఆ పద్ధతి పెట్టుకుంటె మంచిది.

రీల్స్‌మాస్టర్

సరే, కాపీరైట్ సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ మెయిల్ ఇంత పొడుగైతే చదవరు. నా అనుభవంలో రెండు లైన్లు దాటితే జవాబు రాదు.

యాడ్స్_పదకొండేళ్ళు (హైదరాబాద్)

అందులో సగం నిజం ఉంది. కంపెనీ భాషలో రాస్తే రెండు లైన్లు కూడా చదవరు. మనిషికి మనిషి రాసినట్టు రాస్తే ఒక పేజీ చదువుతారు, అందులోనూ టీచరమ్మ గారు. ఇలా రాసి చూడండి:

> విషయం: మీరు పంపిన వంటింటి వీడియో గురించి ఒక అనుమతి
>
> టీచరమ్మ గారికి నమస్కారం.
>
> మీరు ఆదివారం పంపిన వీడియో మా ఇంట్లో అందరం చూశాం. తెలగపిండి మాట వినగానే నాన్నగారు తన చిన్నతనం గుర్తు చేసుకున్నారు.
>
> అందులోంచి 25 సెకన్లు మా నూనె ప్రకటనగా వాడుకోవచ్చా అని అడగడానికి ఈ మెయిల్ రాస్తున్నాను. ఆ ముక్క దీనికి జత చేశాను. ముందు అది చూడండి.
>
> ప్రకటన అంటే మేం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు డబ్బు కట్టి, మా గురించి తెలియనివాళ్ళ ఫోన్లలో ఈ వీడియో కనిపించేలా చేస్తాం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో చూపిస్తాం కాబట్టి మీ బంధువులకు, మీ దగ్గర చదువుకున్నవాళ్ళకు కనిపించే అవకాశం బాగా ఉంది. కింద ఎవరైనా కామెంట్లు రాయవచ్చు. మేం రోజూ చూసి, మర్యాద తప్పినవి తీసేస్తాం.
>
> జనవరి 5 నుంచి జూన్ 30 వరకే వాడతాం. ఇంకెక్కడా వాడాలన్నా, ఆ తర్వాత వాడాలన్నా మళ్ళీ అడుగుతాం. తెర మీద "రిటైర్డ్ టీచర్, హనుమకొండ" అని మాత్రమే ఉంటుంది. పేరు వేయమంటారో వద్దో మీరే చెప్పండి. మీ మాటలకు మేం ఏమీ కలపలేదు. బాబు కనిపించే భాగం, ఆరోగ్యం గురించి మీరు చెప్పిన భాగం తీసేశాం. నూనె రోగాలు తగ్గిస్తుందని ప్రకటించకూడదు కాబట్టి అలా చేశాం.
>
> మీకు ఇష్టం లేకపోతే "వద్దు" అని ఒక్క మాట రాయండి. కారణం చెప్పనక్కర్లేదు. మీ నూనె ఎప్పటిలాగే వస్తుంది. ఇప్పుడు సరే అని తర్వాత మనసు మారినా అంతే, ఒక్క మెసేజ్ పెడితే రెండు రోజుల్లో ఆపేస్తాం. అప్పటికే ఎవరైనా దాన్ని తమ ఫోన్లో దాచుకుని ఉంటే అది మాత్రం మా చేతిలో ఉండదు. అది ముందే చెప్పాలని చెబుతున్నాను.
>
> ఒప్పుకుంటే "జత చేసిన 25 సెకన్ల వీడియోని మెయిల్లో రాసినట్టు వాడుకోవడానికి నాకు సమ్మతమే" అని జవాబివ్వండి. వీడియో తీసిన మీ కోడలు గారు కూడా ఒక వాక్యం రాస్తే సంతోషం.

పచ్చళ్ళ_పిన్ని (నరసాపురం)

"కారణం చెప్పనక్కర్లేదు" అన్న మాట ఆ రోజు నేను రాసి ఉంటే ఎంత బాగుండేది. చాలామంది మొహమాటంతో సరే అంటారు తల్లీ. రెండేళ్ళుగా కొంటున్నవాళ్ళు వద్దనలేరు.

గానుగపని (తెనాలి)

అక్కా, చదువుతుంటే నేనే ఆవిడకి చెబుతున్నట్టుంది. ఒక సందేహం. ఇందులో మాటిచ్చినవన్నీ యాడ్ సెట్టింగుల్లో కుదురుతాయా? బూస్ట్ బటన్ తప్ప నాకేమీ తెలీదు.

యాడ్స్_పదకొండేళ్ళు (హైదరాబాద్)

చాలామంది మెయిల్ చక్కగా రాసి ఇక్కడే తప్పుతారు. ఆ మెయిల్లో ఉన్న ప్రతి మాటకీ యాడ్స్ మేనేజర్‌లో ఒక మీట ఉంటుంది. అది తిప్పకపోతే మీకు తెలియకుండానే మాట తప్పుతారు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టా మాత్రమే అన్నారు. ప్లేస్‌మెంట్లు ఆటోమేటిక్‌గా వదిలేస్తే మెటా ఆ యాడ్‌ని ఆడియన్స్ నెట్‌వర్క్ ద్వారా వేరే యాప్‌లలో కూడా చూపించొచ్చు. ఏ గేమ్ మధ్యలోనో టీచరమ్మ గారు కనిపిస్తారు. కాబట్టి చేత్తో ఎంచుకుని మిగతావి తీసేయండి.

"ఏమీ కలపలేదు" అన్నారు. యాడ్ తయారుచేసేటప్పుడు Advantage+ creative కింద కొన్ని మార్పులు ముందే ఆన్ అయి ఉండొచ్చు. సంగీతం చేర్చడం, అక్షరాలు మార్చడం లాంటివి. ఒక్కొక్కటీ తెరిచి చూసి ఆపేయండి. ఒక బట్టల షాపు యాడ్‌లో పెద్దావిడ మాటల వెనక హుషారు సంగీతం చేరిపోయి, ఆమె కూతురు మాకు ఫోన్ చేసేదాకా ఎవరమూ గమనించలేదు. ఆ యాడ్ పని చూసుకుంది నేనే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

జూన్ 30 అన్నారు. యాడ్ సెట్‌లో ముగింపు తేదీగా అదే పెట్టండి, గుర్తు మీద ఆధారపడొద్దు. యాడ్ పేరులోనే "టీచరమ్మ-జూన్30" అని రాయండి. యాడ్ బాగా నడిస్తే నాలుగు కాపీలు చేస్తారు. ఆవిడ ఆపమన్న రోజు ఒకటి ఆపి మూడు మర్చిపోతారు. పేరుతో వెతికితే అన్నీ ఒకేసారి దొరుకుతాయి. పేజీలో కూడా పోస్టుగా పెట్టి ఉంటే యాడ్ ఆపినా ఆ పోస్టు అక్కడే ఉంటుంది, దాన్ని విడిగా తీసేయాలి.

కొత్తకొట్టు_కర్నూలు

మరి ఆవిడకి ఏమైనా ఇవ్వాలా? ఊరికే వాడుకుంటే బాగుండదు కదా.

వకీలు_నల్లగొండ

నన్నడిగితే ఏమీ ఇయ్యొద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌ల వచ్చిన మార్గదర్శకాలు ఉన్నయి. మెచ్చుకున్న మనిషికీ వ్యాపారికీ నడుమ, ఆ మాట విలువను మార్చే సంబంధం ఏదన్నా ఉంటె యాడ్‌ల బయటపెట్టాలె. ఐదు లీటర్లు ఉచితంగ ఇచ్చి యాడ్‌ల చెప్పకపోతె చిక్కే.

పచ్చళ్ళ_పిన్ని (నరసాపురం)

వకీలు గారూ, ఆవిడ వీడియో పంపినప్పుడు ఏ ఆశా లేదు కదా. ఆరు నెలలు ఆవిడ ముఖం మీద మనం వ్యాపారం చేసుకుని, పండక్కి ఒక సీసా పంపితే తప్పా? మన ఇళ్ళలో అలా ఉండలేం.

యాడ్స్_పదకొండేళ్ళు (హైదరాబాద్)

నేను మధ్యలో ఉన్నాను పిన్ని గారూ. మెయిల్లో మాత్రం బహుమతి మాట రాయొద్దు. రాస్తే అది అనుమతికి ధర అవుతుంది, వద్దనడం ఇంకా కష్టమవుతుంది. ఇవ్వాలనుకుంటే యాడ్ మీద "ఈ వీడియోకి కృతజ్ఞతగా నూనె ఇచ్చాం" అని వేయడానికి సిద్ధపడి ఇవ్వండి. అది వేస్తే యాడ్ బలం తగ్గుతుందా అంటే, నేను చూసినంతలో తగ్గలేదు. వకీలు గారు ఒప్పుకోకపోవచ్చు.

వకీలు_నల్లగొండ

వేస్తె ఒప్పుకుంట. వేయకుండ ఇస్తెనే నా అభ్యంతరం.

గానుగపని (తెనాలి)

నిన్న మెయిల్ పంపాను. ఈ ఉదయం జవాబొచ్చింది: "అమ్మకి ఓకే. గో అహెడ్." కింద వాళ్ళబ్బాయి పేరుంది. ఆ మెయిల్ అకౌంట్ ఆయనే చూస్తారట, డల్లాస్‌లో ఉంటారు. ఇది సరిపోతుందా?

రీల్స్‌మాస్టర్

సరిపోతుంది కదా, సొంత కొడుకేగా.

వకీలు_నల్లగొండ

సరిపోదు. యాడ్‌ల ఉన్నది కొడుకు కాదు. అమ్మకి ఆ 25 సెకన్ల ముక్క చూపించిండా, లేక ఫోన్ల "మీ వీడియో పెట్టుకుంటరట" అని చెప్పిండా, మనకు తెల్వదు.

యాడ్స్_పదకొండేళ్ళు (హైదరాబాద్)

ఆవిడ మీతో మాట్లాడేది వాట్సాప్‌లో. కాబట్టి అదే మెయిల్ పాఠాన్ని, ఆ ముక్కని ఆవిడ నంబర్‌కే పంపండి. ఫోన్ చేసి చదివి వినిపించండి. ఆవిడ చేత్తో ఆ ఒక్క వాక్యం వాట్సాప్‌లో రాయమనండి. దాని స్క్రీన్‌షాట్, తేదీ, పంపిన వీడియో ఫైలు మూడూ ఒక ఫోల్డర్లో పెట్టుకోండి.

గానుగపని (తెనాలి)

ఇప్పుడే మాట్లాడి వచ్చాను. వకీలు గారి అనుమానమే నిజమైంది. టీచరమ్మ గారికి చేరింది "పేజీలో పెడతారట" అని మాత్రమే. యాడ్ అంటే ఏమిటో వివరిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా స్టూడెంట్లు చూస్తారా? చూడనీ, మంచిదే" అన్నారు. పేరు వేయొద్దన్నారు. జూన్ దాకా వద్దు, మార్చి నెలాఖరు చాలన్నారు. కామెంట్ల సంగతి మళ్ళీ మళ్ళీ అడిగారు, నేనే రోజూ చూస్తానని మాటిచ్చాను.

ఇంకో చిక్కు. షుగర్ మాట తీసేసినందుకు నొచ్చుకున్నారు. "నేను అబద్ధం చెప్పానా?" అన్నారు. కాదమ్మా, మా లాంటివాళ్ళం ఆ మాట ప్రకటనలో వాడకూడదని ఎంత చెప్పినా తృప్తిగా లేరు. ఆ మాట లేకుండా అయితే రాసివ్వడానికి రేపటిదాకా ఆలోచిస్తానన్నారు. కోడలు గారు మాత్రం అప్పుడే వాయిస్ మెసేజ్‌లో సరే అన్నారు. వాయిస్ చాలా, రాతే కావాలా?

వకీలు_నల్లగొండ

నేనైతే రాతే అడుగుత. వాయిస్ పనికిరాదని కాదు, రెండేండ్ల తర్వాత ఏ వీడియో గురించి అన్నదో తేల్చుడు కష్టం.

యాడ్స్_పదకొండేళ్ళు (హైదరాబాద్)

ఏ వీడియోనో, ఎప్పటిదాకానో వాయిస్‌లోనే చెప్పి ఉంటే నేను తీసుకుంటాను. టీచరమ్మ గారిని మాత్రం రేపు మీరుగా ఫోన్ చేసి అడక్కండి. ఆవిడే రాయనివ్వండి. జనవరి 5 దాటినా పరవాలేదు, మెయిల్లో తేదీ సవరించి పంపొచ్చు.